దానంతటదే అయిపోయే ఆట

గంటసేపు ఫిజిక్స్ చదివి లేచిన పిల్లవాడు "పది నిమిషాలు ఆడుకుని మళ్ళీ కూర్చుంటానమ్మా" అని ఫోన్ అందుకుంటాడు. ఆ మాట అన్నప్పుడు అతని ఉద్దేశం నిజంగా అదే. ముప్పావు గంట తర్వాత తల్లి వచ్చి చూస్తే బొటనవేలు ఇంకా తెర మీదే ఆడుతూ ఉంటుంది. ఆమె కోప్పడుతుంది, అతను విసుక్కుంటాడు, ఆ సాయంత్రం చదువు అక్కడితో సరి. తప్పంతా పిల్లవాడి మీద పడుతుంది. నేనైతే ముందు ఆ ఆటను ఎలా కట్టారో చూడమంటాను.

చదువు మధ్యలో ఆడుకునే ఆట మనసును నెమ్మదింపజేయాలని అందరూ చెబుతారు. లేత రంగులు, మెల్లని సంగీతం, రాలే ఆకులు, ఈదే చేపలు ఉన్న ఆటలను వెతికి పెడతారు. అవి కూడా గంటలు మింగేస్తాయి. ఆట ప్రశాంతంగా కనిపించడం వేరు, ఆడినవాణ్ణి ప్రశాంతంగా వదలడం వేరు. విరామానికి పనికొచ్చే ఆటకు నేను పెట్టే పరీక్ష ఒకటే: ఎవరూ ఆపకుండా, గంట మోగకుండా, ఈ ఆట తనంతట తాను అయిపోతుందా?

2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగా తీసుకోండి. అందులో ఐదు ప్రాణాలు ఉంటాయి. దశ గెలవలేకపోయినప్పుడల్లా ఒకటి పోతుంది. ఐదూ పోతే ఆట ఆగుతుంది. పైకి చూస్తే ఇది మంచి కట్టడిలా ఉంటుంది, చాలామంది తల్లిదండ్రులు అలాగే అనుకుంటారు కూడా. కానీ పోయిన ప్రాణం అరగంటకొకటి చొప్పున తిరిగి వస్తుంది. అంటే పుస్తకం తెరిచిన అరగంటకు, సరిగ్గా లెక్క సగంలో ఉన్నప్పుడు, "ఇప్పటికి ఒకటి వచ్చి ఉంటుంది" అనే ఆలోచన కూడా వస్తుంది. ఆపినట్టే ఆపి మళ్ళీ రమ్మని వేళ చెప్పి పంపడం అది. 2014లో వచ్చిన 2048 సంగతి ఇంకో రకం. పలకలను కలుపుతూ 2048 చేరితే గెలిచినట్టు చెబుతుంది, ఆ వెంటనే ఇంకా ముందుకు ఆడతావా అని అడుగుతుంది. గెలిచినవాడు సంతోషంతో ఆడతాడు, ఓడినవాడు ఉక్రోషంతో ఆడతాడు. లేచి వెళ్ళడానికి ఎవరికీ కారణం దొరకదు.

అయితే అలారం పెట్టుకుంటే సరిపోదా అంటారు. ఈ ప్రశ్నకు జవాబు దాదాపు వందేళ్ళ కిందటి ఒక ప్రయోగంలో ఉంది. బెర్లిన్‌లో కుర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దగ్గర పరిశోధన చేసిన మరియా ఒవ్సియాంకినా 1928లో దాన్ని ప్రచురించింది. వచ్చినవాళ్ళకు చిన్న చిన్న పనులు ఇచ్చి, మధ్యలో ఏదో వంకతో ఆపించేది. తర్వాత వాళ్ళను వాళ్ళ మానాన వదిలేసేది. ఆ పని పూర్తి చేయమని ఎవరూ అడగలేదు, చేస్తే బహుమతీ లేదు. అయినా ఎక్కువమంది ఎవరూ చెప్పకుండానే సగంలో ఆగిన పనికి తిరిగి వెళ్ళారు. మొదలుపెట్టింది పూర్తయ్యేదాకా మనసు అటే లాగుతుందని దాని సారం.

ఇప్పుడు అలారం సంగతి ఆలోచించండి. ఆట మంచి పట్టులో ఉండగా అది మోగుతుంది. పిల్లవాడు బుద్ధిగా ఫోన్ పక్కన పెడతాడు. శరీరం పుస్తకం ముందుకు వచ్చింది కానీ పని సగంలో ఉండిపోయింది. అలారం ఎంత కచ్చితంగా మోగితే ఆట అంత కచ్చితంగా సగంలో తెగుతుంది. అందుకే వ్యవధిని గడియారానికి అప్పగించకుండా ఆటకే అప్పగించాలి. విరామం పన్నెండు నిమిషాలైతే, ఐదారు నిమిషాల్లో దానంతటదే ముగిసే ఆట కావాలి.

అలాంటి ఆట చాలా ఇళ్ళ అటక మీద ఇప్పటికే ఉంది. బ్రెయిన్‌వీటా. గుండ్రటి పలక, దాని మీద కూడిక గుర్తు ఆకారంలో 33 గుంటలు, 32 గోళీలు. పుట్టినరోజుకు ఎవరో ఇచ్చి ఉంటారు, రెండు రోజులు ఆడి మూల పడేసి ఉంటారు. ఇది చాలా పాత ఆట. 1697 నాటి ఒక ఫ్రెంచి చిత్రంలో రాచకుటుంబపు స్త్రీ పక్కన ఈ పలక కనిపిస్తుంది. గణితవేత్త లైబ్నిట్జ్ 1710లో దీని గురించి రాశాడు. ఆయన దీన్ని వెనక్కి ఆడటానికి ఇష్టపడేవాడు. అంటే గోళీలు తీసేయడానికి బదులు, దూకిన చోటల్లా ఒక్కొక్కటి పెట్టుకుంటూ పలక నింపడం.

ఆడే తీరు తెలియనివాళ్ళ కోసం చెబుతాను. నడిమి గుంట ఖాళీగా ఉంచి మిగతా అన్నింటిలో గోళీలు పెట్టాలి. ఒక గోళీని పక్కనున్న గోళీ మీదుగా దూకించి ఆవలి ఖాళీ గుంటలో వేయాలి, దాటబడిన గోళీని తీసేయాలి. అడ్డంగా గానీ నిలువుగా గానీ దూకవచ్చు, ఐమూలగా దూకకూడదు. దూకడానికి వీలు లేనప్పుడు ఆట అయిపోయినట్టు. చివరికి ఒక్క గోళీ మిగిలితే, అదీ నడిమి గుంటలో మిగిలితే, అంతకు మించిన గెలుపు లేదు.

ఈ ఆటలో నాకు అన్నింటికన్నా నచ్చేది దాని లెక్క. ప్రతి దూకుడుకూ ఒక గోళీ పోతుంది. పోయింది తిరిగి రాదు. 32 గోళీలతో మొదలైతే ఎంత గొప్పగా ఆడినా 31 దూకుళ్ళకు మించి సాగదు. సరిగా ఆడకపోతే ఇంకా ముందే ముగుస్తుంది. ఇందులో పైదశ లేదు, పోయిన ప్రాణం తిరిగి రావడం లేదు, అవతల ఇంకొకడు ఎదురుచూస్తూ ఉండడు. తొందరపడకుండా ఆడినా నాలుగైదు నిమిషాల పని. ఆడుతున్నకొద్దీ పలక ఖాళీ అవుతూ ఉంటుంది కాబట్టి, ముగింపు దగ్గరపడుతున్న సంగతి కంటికి కనబడుతూనే ఉంటుంది. లేవడానికి మనసు ముందే సిద్ధపడుతుంది.

కొత్తవాళ్ళు ఏదో ఒకటి దూకించుకుంటూ పోయి, ఆరో ఏడో గోళీలు ఒకదానికొకటి దూరంగా మిగిలి చిరాకు పడతారు. చిరాకు మిగిల్చే ఆట విరామానికి చేటు. కాబట్టి ఒక చిన్న పట్టు నేర్చుకోవాలి. వరసగా నిలువునా మూడు గోళీలు ఉన్నాయనుకోండి. పై గోళీకి కుడిపక్క ఇంకో గోళీ, ఎడమపక్క ఖాళీ గుంట ఉండాలి. కుడిపక్క గోళీని సాయం గోళీ అందాం. మొదట సాయం గోళీని పై గోళీ మీదుగా ఎడమ ఖాళీలోకి దూకించి, పై గోళీని తీసేయండి. ఇప్పుడు కింది గోళీని నడిమి గోళీ మీదుగా పైకి దూకించి, నడిమిదాన్ని తీసేయండి. చివరగా ఎడమకు వెళ్ళిన సాయం గోళీని, పైకి వచ్చిన గోళీ మీదుగా కుడికి దూకించండి. మూడు గోళీలూ పోయాయి. సాయం గోళీ బయల్దేరిన చోటికే వచ్చి కూర్చుంది. మిగతా పలక ఏమీ చెదరలేదు.

ఈ మూడు దూకుళ్ళు చేతికి అలవాటైతే ఆట స్వభావమే మారిపోతుంది. ఏది దూకించాలా అని వెతుక్కునే కంగారు పోయి, ఎక్కడ మూడేసి గోళీలను శుభ్రంగా తీసేయవచ్చో చూడడం మొదలవుతుంది. పలక అంచుల నుంచి లోపలికి తుడుచుకుంటూ రావడమే మంచి పద్ధతి. అంచుల్లో, మూలల్లో వదిలేసిన గోళీ చివరికి ఒంటరిదవుతుంది. ఇంకో సంగతి కూడా ఆసక్తిగా ఉంటుంది. నడిమి గుంట ఖాళీతో మొదలుపెడితే, చివరికి మిగిలే ఒకే ఒక్క గోళీ ఎక్కడ పడితే అక్కడ ఉండదు. నడిమి గుంటలోనో, లేకపోతే నాలుగు చేతుల బయటి వరసల మధ్య గుంటల్లో ఒకదానిలోనో ఉండాలి. ఈ ఐదు చోట్ల తప్ప ఇంకెక్కడైనా ఒకే గోళీ మిగిలిందంటే, మధ్యలో ఎక్కడో ఐమూలగా దూకించారనో, తీయాల్సింది తీయలేదనో అర్థం.

పలక లేనివాళ్ళు కొనాల్సిన పని లేదు. అట్టముక్క మీద వరసగా మూడు, మూడు, ఏడు, ఏడు, ఏడు, మూడు, మూడు చొప్పున గళ్ళు గీసి, చింతపిక్కలతో ఆడుకోవచ్చు. హాస్టల్ గదిలో ఇదే మెరుగు. గాజు గోళీ నేల మీద పడి దొర్లితే పక్క మంచం మీద చదువుకునేవాడికి ఇబ్బంది.

ఫోన్‌లోనూ ఈ ఆట దొరుకుతుంది. కానీ చేత్తో ఆడేదానికీ దానికీ ఒక పెద్ద తేడా ఉంది. పలక మీద ఆట ముగిసిన తర్వాత మళ్ళీ ఆడాలంటే 32 గోళీలనూ ఒక్కొక్కటిగా పేర్చుకోవాలి. దానికి పట్టే ఆ కాస్త సమయంలో "ఇంక చాలు" అనే మాట మనసులోకి రావడానికి చోటు ఉంటుంది. ఫోన్‌లో ఒక్క తాకుడుతో పలక నిండిపోతుంది, ఆ చోటు ఉండదు. కాబట్టి ఒక నియమం చెబుతాను: ఆట ముగిశాక పలకను పేర్చవద్దు. మిగిలిన గోళీలను అలాగే వదిలి లేవాలి. పేర్చడం తర్వాతి విరామంలో మొదటి పని. నిండుగా పేర్చిన పలక ఎదురుగా ఉంటే చెయ్యి అటు పోతుంది. అయిపోయిన పలక ఎవరినీ పిలవదు.

ఆట ఏదో తేలిన తర్వాత, దాన్ని విరామంలో ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. పుస్తకం మూసిన మరుక్షణం ఆట మొదలుపెట్టడం చాలామంది చేసే పని. ఎడిన్‌బరాలో మిషేలా డ్యూవర్, ఆమె సహచరులు చేసి 2012లో ప్రచురించిన ప్రయోగం దీన్ని గురించే. వయసు మళ్ళినవాళ్ళకు రెండు చిన్న కథలు వినిపించారు. ఒక కథ తర్వాత పది నిమిషాలు మసక గదిలో కళ్ళు మూసుకుని ఊరికే కూర్చోమన్నారు. ఇంకో కథ తర్వాత కంప్యూటర్ మీద రెండు బొమ్మల మధ్య తేడాలు కనిపెట్టే ఆట ఇచ్చారు. వారం రోజుల తర్వాత అడిగితే, ఊరికే కూర్చున్నప్పుడు విన్న కథే ఎక్కువ గుర్తుంది. తేడాలు కనిపెట్టే ఆట ఎంత నిరపాయమైనదో మనకు తెలుసు. అయినా అప్పుడే విన్నదాని మీద అది తన బరువు మోపింది.

అది పెద్దవాళ్ళ మీద, కథల మీద జరిగిన ప్రయోగం. ఇంటర్ విద్యార్థి ఆర్గానిక్ కెమిస్ట్రీకి దాన్ని అక్షరాలా అంటగట్టలేం. అయినా విరామంలో మొదటి మూడు నిమిషాలు ఏమీ చేయకుండా ఉంచడానికి ఈ కారణం చాలనుకుంటాను. ఖర్చేమీ లేని జాగ్రత్త అది.

ఒక సాయంత్రాన్ని లెక్క వేసి చూద్దాం. ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఆరింటికి కూర్చుని, ఆరూ యాభైకి పుస్తకం మూసింది. పన్నెండు నిమిషాల విరామం. మొదటి మూడు నిమిషాలు కుర్చీలోనే వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటుంది. చదివింది నెమరు వేసుకోవాలని కూడా పట్టుబట్టదు. తర్వాత ఐదు నిమిషాలు ఆట. చివరి నాలుగు నిమిషాలు లేచి మంచినీళ్ళు తాగడం, డాబా మీదికో వీధి గుమ్మందాకానో నడిచి రావడం. ఆట తర్వాత నడక పెట్టడంలో ఉద్దేశం ఉంది. నడిచి వచ్చి ఆట దగ్గర కూర్చుంటే అక్కడే ఉండిపోవడం సులువు. ఆట దగ్గరి నుంచి కాళ్ళు ముందే లేచి వెళ్ళిపోతే, తిరిగి వచ్చేటప్పుడు అవి పుస్తకం దగ్గరికి వస్తాయి. ఆట పలక చదువుకునే బల్ల మీద ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు, కిటికీ గట్టు మీద పెట్టుకుంటే చాలు.

చదివినదాన్ని బట్టి ఆట మారాలి కూడా. బాటనీ పేర్లో, చరిత్ర తేదీలో బట్టీ పట్టి లేస్తే, మాటలూ అంకెలూ ఉన్న ఆట వద్దు. గంటసేపు లెక్కలు చేసి లేస్తే బ్రెయిన్‌వీటా కూడా మరో లెక్కలాగే అనిపించవచ్చు. అలాంటప్పుడు నేను చెప్పేది మెలికల ముగ్గు.

మెలికల ముగ్గు మన ఆడవాళ్ళు వాకిట్లో వేసేదే. చుక్కలు పెట్టి, వాటిని కలపకుండా, వాటి చుట్టూ తిరుగుతూ పోయే గీత. దాన్ని నోటు పుస్తకం చివరి పేజీలో పెన్సిల్‌తో ఒక చిన్న ఆటగా ఆడుకోవచ్చు. నియమం ఇది: చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో అన్ని చుక్కలనూ చుట్టి, మొదలుపెట్టిన చోటికే రావాలి. గీత తనను తాను కలుసుకుందంటే ఆట ముగిసింది. ఇందులో గెలుపు ఓటములు కూడా లేవు.

మూడు వరసల్లో నాలుగేసి చుక్కలు పెట్టండి, మొత్తం పన్నెండు. పై వరస మొదటి చుక్కకు ఎడమపక్క పెన్సిల్ ఆనించి కుడివైపు ఐమూలగా దిగండి. ఆ చుక్క కిందుగా వెళ్ళి, రెండో వరసలో మొదటి రెండు చుక్కల మధ్య నుంచి దిగి, రెండో చుక్క కిందుగా సాగి, మూడో వరసలో రెండో మూడో చుక్కల మధ్య నుంచి దిగాలి. అక్కడ చుక్కలు అయిపోయాయి కాబట్టి మూడో చుక్క కింద గుండ్రంగా తిరిగి పైకి ఎక్కాలి. క్యారమ్ బోర్డు అంచుకు తగిలిన స్ట్రైకర్ తిరిగి వచ్చినట్టు, గీత ప్రతి అంచు దగ్గరా తిరుగుతుంది, మధ్యలో మాత్రం ఎక్కడా తిరగకుండా నేరుగా ఐమూలగానే పోతుంది. పక్కపక్కన ఉన్న ప్రతి రెండు చుక్కల మధ్యా గీత రెండుసార్లు, ఒకసారి ఇటు ఒకసారి అటు, తనను తాను ఖండించుకుంటూ వెళుతుంది. ఇలాంటి ఖండనలు పన్నెండు చుక్కల ముగ్గులో 17 వస్తాయి. చెయ్యి తిరిగాక రెండు మూడు నిమిషాల్లో పూర్తవుతుంది.

ఈ గీత ఎప్పుడు ఒక్కటిగా వస్తుందో ముందే చెప్పవచ్చు, అదీ ఏడో తరగతి లెక్కతో. వరసల సంఖ్యకూ, వరసలోని చుక్కల సంఖ్యకూ గ.సా.భా. ఎంతో, అన్ని గీతలు కావాలి. మూడుకూ నాలుగుకూ గ.సా.భా. ఒకటి, అందుకే ఒకే గీత సరిపోయింది. నాలుగు వరసల్లో ఐదేసి చుక్కలకూ ఒకే గీత. నాలుగు వరసల్లో ఆరేసి పెడితే రెండు గీతలు, నాలుగు వరసల్లో నాలుగేసి పెడితే నాలుగు. మూడు నాలుగుల ముగ్గులో గీత కొన్ని చుక్కలను వదిలేసి ముందే కలిసిపోయిందంటే, ఎక్కడో రెండు చుక్కల మధ్య నేరుగా పోవాల్సింది మధ్యలోనే తిరిగిపోయిందన్నమాట. వెనక్కి చూస్తే ఆ చోటు వెంటనే కనిపిస్తుంది.

కొంచెం చేయి తిరిగినవాళ్ళకు ఇంకో మెట్టు ఉంది. రెండు వరసల్లో రెండేసి చుక్కలు పెట్టి గీస్తే, ఐమూలల్లో సాగిన రెండు కోలగీతలు ఒకదానినొకటి దాటుతూ వస్తాయి. అవి దాటుకునే నాలుగు చోట్లలో ఒకదాన్ని తుడిచి, గీతలు దాటుకోకుండా ఒకదానికొకటి వీపు పెట్టి మళ్ళేటట్టు కలపండి. రెండూ కలిసి ఒకే గీత అవుతాయి. రెండు వేర్వేరు గీతలు ఖండించుకునే ఏ చోట ఇలా చేసినా అవి కలిసిపోతాయి. కాబట్టి నాలుగు నాలుగుల ముగ్గులో నాలుగు గీతలను ఒకటి చేయడానికి మూడు మార్పులు చాలు. ఆ మూడూ ఎక్కడ చేస్తే ముగ్గు అందంగా వస్తుందన్నది చూసుకోవడంలోనే దీని రుచి ఉంది. పెద్ద ముగ్గు వేయాలన్న కోరిక పుడుతుంది, అక్కడే జాగ్రత్త పడాలి. చదివే రోజుల్లో ఇరవై చుక్కలకు మించి పోవద్దు. పండగకు వాకిలి ఎటూ ఉంది.

చూపు బాగా అలసినప్పుడు గచ్చకాయలు మంచివి. ఐదు కాయలో ఐదు నున్నటి రాళ్ళో చాలు. ఒకటి పైకి ఎగరేసి, అది కిందికి వచ్చేలోగా నేల మీదివి ఒక్కొక్కటిగా, తర్వాత రెండేసి, తర్వాత మూడూ ఒకటీ, చివరికి నాలుగూ ఒకేసారి తీయడం. ఒకట్ల నుంచి నాలుగు దాకా ఒక్కసారి ఎక్కితే ఆట అయిపోయినట్టు. కాయ జారితే కూడా అయిపోయినట్టే అనుకోవాలి, లేకపోతే దీనికి అంతు లేదు.

పొట్టిగా కనబడి మోసం చేసే ఆటలూ ఉన్నాయి. మూడేసి నిమిషాల ఆన్‌లైన్ చదరంగం వాటిలో మొదటిది. మూడు నిమిషాలని చెప్పడం నిజమే, కానీ ప్రతి ఆట తర్వాతా రేటింగ్ పెరుగుతుందో తగ్గుతుందో కనిపిస్తుంది. ఓడినవాడు పోయిన అంకెను తిరిగి తెచ్చుకునేదాకా లేవడు. గుండె వేగంగా కొట్టుకుంటూ పుస్తకం ముందు కూర్చుంటే మొదటి పేజీ కళ్ళకే తప్ప తలకు ఎక్కదు. సుడోకు మంచి ఆటే, తేలికదైతే విరామంలో ముగుస్తుంది. కష్టమైనదైతే నలభై నిమిషాలు పట్టవచ్చు, మొదలుపెట్టే ముందు అది మనకు తెలియదు. ఒవ్సియాంకినా చెప్పిన సగం పని లాగుడు దీనిలో ఎక్కువ. ఫోన్‌లోనే ఆడాలనుకునేవాళ్ళకు వర్డిల్ ఉంది. జాష్ వార్డిల్ అనే ఇంజనీరు చేసిన ఈ ఆటను 2021లో అందరికీ తెరిచాడు, తర్వాతి సంవత్సరం న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. రోజుకు ఒకే మాట, ఆరే ప్రయత్నాలు. మళ్ళీ రేపే. ఫోన్ ఆటల్లో ఇంత నిజాయితీగా ముగిసేవి అరుదు. అయితే అవి ఇంగ్లిష్ మాటలు కాబట్టి బట్టీ చదువు తర్వాత పనికిరాదు, ఆట ముగిశాక చేతిలో ఫోన్ మిగిలే ఉంటుందన్నది ఇంకో చిక్కు.

ఎంచుకున్న ఆట సరైనదో కాదో వారంలో తెలిసిపోతుంది. విరామం అయ్యాక చదివిన మొదటి పేరాను మళ్ళీ చదవాల్సి వస్తోందా అని చూడండి. ఒక్కసారికే అర్థమవుతుంటే ఆట తన పని చేసి తప్పుకున్నట్టు. చదువు మధ్యలో గోళీలు కళ్ళ ముందు కదులుతుంటే, యాభై నిమిషాలు కాస్తా నలభైకి, ముప్పై ఐదుకు తగ్గి విరామం ముందుకు జరుగుతుంటే, నిన్న నాలుగు మిగిలాయి ఇవాళ మూడు మిగల్చాలి అని పుస్తకం అంచున అంకెలు రాసుకోవడం మొదలైతే, బ్రెయిన్‌వీటా కూడా ఫోన్ ఆట పనే చేస్తోందన్నమాట. కొన్నాళ్ళు దాన్ని పక్కన పెట్టి ముగ్గుకు మారాలి. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు మాత్రం ఏ ఆటా వద్దు. అప్పుడు కావలసింది నిద్రే.

బ్రెయిన్‌వీటాలో ఒక్క గోళీ మిగల్చాలన్న పట్టుదల పిల్లలకు ఎలాగూ వస్తుంది, రావాలి కూడా. దానికి ఆదివారం మధ్యాహ్నం కేటాయించండి. అన్నయ్యో నాన్నో పక్కన కూర్చుని, మూడు గోళీల పట్టును నాలుగు చేతుల వైపూ ఎలా వాడాలో చూస్తూ, దూకుళ్ళను ఒక కాగితం మీద రాసుకుంటూ, దారి దొరికేదాకా ఆడవచ్చు. దారి దొరికిన తర్వాత ఆట పాతబడుతుందని అనుకుంటారు. చదువుకునేవాళ్ళకు అది అప్పుడే అసలు ఉపయోగంలోకి వస్తుంది. ఏమవుతుందోనన్న ప్రశ్న పోతుంది, గెలవాలన్న ఆత్రం పోతుంది. 31 దూకుళ్ళు చేతికి వచ్చేసి ఉంటాయి. వరసగా ఒక్కో గోళీ తీసి గట్టు మీద పెడుతూ పోతే రెండు మూడు నిమిషాల్లో నడిమి గుంటలో ఒక్కటి మిగులుతుంది. దాన్ని అలాగే ఉంచి మంచినీళ్ళకు లేవవచ్చు.